క్యాండిల్ పచ్చగా ఉంది, డబ్బు మాత్రం తగ్గింది: ఓపెన్, హై, లో, క్లోజ్ చదవడం ఎలా

బరంపురం నుంచి మన పాఠకులు ఒకరు ఈమధ్య మాకు ఒక చార్టు ఫోటో పంపారు. ఆయన రిటైరైన ఉద్యోగి. కొత్తగా డీమ్యాట్ ఖాతా తెరిచి, ఒక కంపెనీ షేర్లు వంద కొన్నారు. ముందురోజు మధ్యాహ్నం 412 రూపాయలకు కొన్నారట. మర్నాడు సాయంత్రం చూస్తే చార్టులో ఆ రోజు క్యాండిల్ చక్కగా ఆకుపచ్చగా ఉంది. ఖాతాలో మాత్రం 1,500 రూపాయలు నష్టం చూపిస్తోంది. "ఆకుపచ్చ అంటే పెరిగినట్టే కదండీ, మరి నా డబ్బు ఎక్కడికి పోయింది?" అని ఆయన ప్రశ్న. పచ్చరంగు చూసిన ధైర్యంతో అదే రోజు చివర్లో ఇంకో వంద షేర్లు కూడా కొనేశారు.

యాప్‌లో తప్పేమీ లేదు, చార్టులోనూ తప్పు లేదు. ఆయన చదివిన పద్ధతిలోనే ఉంది చిక్కు. ఇలాంటి ప్రశ్న మాకు ఇదొక్కటే రాలేదు కాబట్టి, ఒక్క క్యాండిల్‌ను సరిగ్గా చదవడం ఎలాగో ఇక్కడ నిదానంగా చెబుతాం. ఏ షేరు కొనాలో చెప్పడం మా పని కాదు.

ముందుగా నాలుగు అంకెలు. రోజులో మొదట పలికిన ధర ఓపెన్. రోజు మొత్తంలో తాకిన అత్యధిక ధర హై, అతి తక్కువ ధర లో. చివరికి నిలిచిన ధర క్లోజ్. ఫోన్‌లో క్యాండిల్ మీద వేలు పెడితే పైన O, H, L, C అనే అక్షరాల పక్కన కనిపించేవి ఇవే. ఓపెన్‌కూ క్లోజ్‌కూ మధ్య గీసిన లావుపాటి దిమ్మెను బాడీ అంటారు. బాడీ పైనుంచి హై దాకా, కిందినుంచి లో దాకా వెళ్లే సన్నని గీతలు వత్తులు. ఓపెన్ కంటే క్లోజ్ ఎక్కువైతే ఆకుపచ్చ, తక్కువైతే ఎరుపు. జపాన్ బియ్యం వర్తకుల దగ్గర పుట్టిన ఈ గీత పద్ధతిని బయటి ప్రపంచానికి బాగా పరిచయం చేసింది స్టీవ్ నిసన్ అనే అమెరికన్. ఆయన పుస్తకం 1991లో వచ్చింది.

ఇప్పుడు మన పెద్దాయన షేరు చూద్దాం. ముందురోజు 412 దగ్గర ముగిసింది. మర్నాడు పొద్దున 388 దగ్గరే మొదలైంది. రోజులో 385 దాకా దిగి, 399 దాకా ఎక్కి, 397 దగ్గర ముగిసింది. ఓపెన్ 388, క్లోజ్ 397. అందుకే క్యాండిల్ పచ్చగా ఉంది. కానీ ఆయన కొన్నది 412కి. ఒక్కో షేరుకు 15 రూపాయలు పోయాయి. ఆ నష్టం క్యాండిల్ లోపల లేదు. నిన్నటి క్యాండిల్‌కూ ఇవాళ్టి క్యాండిల్‌కూ మధ్య ఉన్న ఖాళీలో ఉంది. దాన్నే గ్యాప్ అంటారు. క్యాండిల్ రంగు ఆ రోజు తన సొంత ఓపెన్‌తోనే పోల్చుకుంటుంది, నిన్నటితో కాదు. టీవీలో, పేపర్లో, మీ ఖాతాలో కనిపించే 'ఇవాళ ఇంత పెరిగింది, ఇంత తగ్గింది' అనే అంకె మాత్రం నిన్నటి క్లోజ్‌తో పోల్చినది. రెండూ వేరు వేరు ప్రశ్నలకు జవాబులు. కొన్ని యాప్‌లలో రంగును నిన్నటి క్లోజ్‌తో పోల్చి వేసేలా మార్చుకునే వీలు ఉంటుంది. మీ ఫోన్‌లో ఏది పెట్టి ఉందో ఒకసారి చూసుకోండి.

మూడు రోజుల కథ

ఇది చిన్న షేరులోనే జరిగే విషయం అనుకోకండి. మన అందరికీ గుర్తుండే ఒక వారం తీసుకుందాం. 2024 జూన్ మొదటి వారం. లోక్‌సభ ఫలితాలతో పాటు ఆంధ్రప్రదేశ్, ఒడిశా అసెంబ్లీ ఫలితాలు కూడా జూన్ 4నే వచ్చాయి. మన ఇళ్లలో చాలామంది ఆ రోజు టీవీ ముందు నుంచి లేవలేదు. అదే టీవీలో ఒక మూల నిఫ్టీ అంకె కూడా పరుగెత్తుతూ కనిపించింది. దశాంశాలు వదిలేసి ఆ అంకెలే ఇక్కడ ఇస్తున్నాం.

మే 31, శుక్రవారం నిఫ్టీ 22,530 దగ్గర ముగిసింది. శనివారం సాయంత్రం ఎగ్జిట్ పోల్స్ వచ్చాయి. సోమవారం, అంటే జూన్ 3న, మార్కెట్ తెరిచేసరికి నిఫ్టీ 23,337 దగ్గర ఉంది. అంటే ఒక్క గ్యాప్‌లోనే 807 పాయింట్లు పైకి. ఆ రోజు హై 23,338, లో 23,062, క్లోజ్ 23,263. శుక్రవారంతో పోలిస్తే 733 పాయింట్లు లాభం. మర్నాడు పేపర్లన్నీ ఆ పెరుగుదల గురించే రాశాయి. ఇప్పుడు ఓపెన్, క్లోజ్ మరోసారి చూడండి. 23,337 దగ్గర మొదలై 23,263 దగ్గర ముగిసింది. కాబట్టి ఆ రోజు క్యాండిల్ ఎరుపు. అంత పండగ జరిగిన రోజున చార్టులో ఎర్ర క్యాండిల్!

ఆ ఎరుపు అబద్ధం చెప్పడం లేదు. శుక్రవారమే షేర్లు చేతిలో ఉన్నవారికి ఆ 733 దక్కాయి. సోమవారం పొద్దున ఉత్సాహంతో కొన్నవారికి సాయంత్రానికి చిన్న నష్టమే మిగిలింది. ఎరుపు చెబుతున్నది ఈ రెండోవారి కథ.

ఆ ఓపెన్ ఎలా వస్తుందో తెలిస్తే ఇంకో జాగ్రత్త తెలుస్తుంది. ఎన్‌ఎస్‌ఈలో మామూలు ట్రేడింగ్ 9:15కి మొదలవుతుంది. దానికి ముందు 9 గంటల నుంచి ప్రీ ఓపెన్ అనే కాసేపటి వేలం ఉంటుంది. కొనేవారి ఆర్డర్లు, అమ్మేవారి ఆర్డర్లు ఒకచోట పోగు చేసి, ఏ ధర దగ్గర ఎక్కువ షేర్లు చేతులు మారగలవో చూసి ఆ ధరను ఓపెన్‌గా తేలుస్తారు. ఆదివారం రాత్రి మీరు యాప్‌లో ఒక షేరుకు 'మార్కెట్ ధరకు కొను' అని ఆర్డర్ పెట్టి పడుకుంటే, మీరు చూసిన శుక్రవారం ధరకు అది దొరకదు. సోమవారం పొద్దున తేలిన ధరకే దొరుకుతుంది. జూన్ 2 రాత్రి అలా పెట్టినవారు ఉదయాన్నే గ్యాప్ మొత్తానికీ తామే డబ్బు కట్టినట్టయింది. ఇంతకు మించి ఇవ్వను అని లిమిట్ ధర రాసి పెట్టేది ఇందుకే.

క్లోజ్ విషయంలోనూ చాలామందికి తెలియనిది ఒకటి ఉంది. క్లోజ్ అంటే 3:30కి జరిగిన ఆఖరి బేరం అనుకుంటాం. ఎన్‌ఎస్‌ఈలో ఏళ్ల తరబడి నడిచిన పద్ధతి వేరు. 3 నుంచి 3:30 వరకు జరిగిన బేరాలన్నిటి సరాసరి తీసి, ఎక్కువ షేర్లు మారిన ధరకు ఎక్కువ బరువు ఇచ్చి, దాన్నే క్లోజ్ అంటారు. నిఫ్టీ క్లోజ్ కూడా అందులోని షేర్ల క్లోజ్‌ల నుంచే లెక్కిస్తారు. అందుకే 3:30కి తెర మీద ఒక అంకె చూసి, రాత్రి మళ్లీ చూస్తే కొంచెం వేరుగా ఉంటుంది. ఈ సరాసరి బదులు ముగింపులో కూడా వేలం పెట్టాలనే ప్రతిపాదనను సెబీ 2025లో చర్చకు పెట్టింది.

ఇక జూన్ 4. ఓపెన్ 23,179. హై కూడా 23,179. లో 21,281. క్లోజ్ 21,884. ఓపెన్, హై ఒకటే కాబట్టి బాడీకి పైన వత్తి లేదు. దీన్ని మాటల్లో చెప్పుకుంటే, తెరిచిన క్షణం తర్వాత ఆ రోజు మొత్తంలో మార్కెట్ మళ్లీ ఆ మెట్టు ఎక్కలేదు. బాడీ 1,295 పాయింట్ల పొడవు, ఎరుపు. కింద 603 పాయింట్ల వత్తి. అంటే అట్టడుగు నుంచి 603 పాయింట్లు తేరుకుని ముగిసింది. ముందురోజు క్లోజ్‌తో చూస్తే నష్టం 1,379.

ఆ కింది వత్తి దగ్గర కాస్త ఆగుదాం. నిఫ్టీ 21,281 తాకిన ఆ క్షణంలో ఎవరైనా చార్టు చూసి ఉంటే వారికి ఆ వత్తి కనిపించేది కాదు. అప్పటి ధరే లో కాబట్టి, బాడీ అడుగుదాకా నిండు ఎరుపుగా ఉండేది. సాయంత్రానికి తేరుకున్నాకే ఆ చివరి 603 పాయింట్లు సన్నని వత్తిగా మారాయి. రోజు క్యాండిల్ 3:30 దాకా తయారవుతూనే ఉంటుంది. మధ్యాహ్నం తీసిన ఫోటో సగం ఉడికిన అన్నం లాంటిది. వాట్సాప్ గ్రూపుల్లో 'చూడండి, ఎంత పెద్ద ఎర్ర క్యాండిలో, వెంటనే అమ్మేయండి' అని గానీ, 'బలమైన పచ్చ క్యాండిల్, కొనండి' అని గానీ ఫోటో వస్తే, ముందు చూడాల్సింది అది ఎన్ని గంటలకు తీసిందో. ఆ తర్వాత చూడాల్సింది అది రోజు క్యాండిలా, పావుగంట క్యాండిలా అన్నది. చార్టు మూలన 1D అని ఉంటే ఒక్కో క్యాండిల్ ఒక రోజుది. 15m అని ఉంటే పావుగంటది. 1W అని ఉంటే వారానిది. పావుగంట క్యాండిల్‌ను రోజు క్యాండిల్ అనుకుని కంగారుపడ్డవారిని మేము చూశాం.

జూన్ 5న కథ తిరిగింది. ఓపెన్ 22,128, హై 22,670, లో 21,791, క్లోజ్ 22,620. పచ్చ క్యాండిల్, 492 పాయింట్ల బాడీ. పైన కేవలం 50 పాయింట్ల వత్తి, కింద 337 పాయింట్ల వత్తి. ముందురోజుతో పోలిస్తే 736 లాభం. చూడటానికి ఎంతో హాయిగా ఉండే క్యాండిల్.

ఇక్కడే క్యాండిల్ చెప్పలేని ముఖ్యమైన విషయం ఒకటి ఉంది. హై ముందు వచ్చిందా, లో ముందు వచ్చిందా? ఈ నాలుగు అంకెల్లో ఎక్కడా ఆ వరుస లేదు. ఓపెన్ మొదట, క్లోజ్ చివర అన్నది మాత్రమే ఖాయం. మధ్యలో ఏది ముందు, ఏది తర్వాత, ఎన్నిసార్లు ఎక్కి దిగింది అన్నవి ఈ బొమ్మలో ఉండవు.

దీనివల్ల జేబుకు తగిలే దెబ్బ ఎలాంటిదో చూడండి. నిఫ్టీతో సమానంగా కదిలే పెట్టుబడి ఒకటి ఉందనుకుందాం. ఆ రోజు తెరిచీ తెరవగానే 22,128 దగ్గర ఒకరు కొన్నారు. ఒక శాతం కంటే నష్టం భరించలేను అని 21,907 దగ్గర స్టాప్ లాస్ పెట్టారు. అంటే ధర అక్కడికి దిగితే దానంతట అదే అమ్ముడైపోయే ఆర్డర్. లో 21,791. ఓపెన్ తర్వాతే లో వచ్చి తీరాలి కాబట్టి, రోజు చివరిదాకా ఉంచుకుందామనుకున్న ఆ మనిషి స్టాప్ లాస్ తప్పకుండా తగిలి ఉంటుంది. 492 పాయింట్ల పచ్చ క్యాండిల్ రోజున, మొదట్లోనే కొని కూడా ఆయన నష్టంతో బయటపడ్డారు.

ఇంకొకరు అదే స్టాప్ లాస్‌తో పాటు 22,600 దగ్గర లాభం తీసుకునే ఆర్డర్ కూడా పెట్టారనుకోండి. ఆ రోజు ధర రెండింటినీ తాకింది. ఆయనకు లాభం వచ్చిందా, నష్టం వచ్చిందా? రోజు క్యాండిల్ చూసి ఎవరూ చెప్పలేరు. దానికి పావుగంట క్యాండిళ్లలోకి దిగి చూడాలి. పాత చార్టులు చూపించి 'ఇక్కడ కొని ఇక్కడ అమ్మితే ఇంత వచ్చేది' అని పాఠాలు చెప్పేవారిని ఈ ప్రశ్న అడగండి. ఆ రోజు స్టాప్ లాస్ ముందు తగిలిందా, లాభం ముందు వచ్చిందా అని. చాలా లెక్కలు అక్కడే ఆగిపోతాయి.

ఆకారాలకు పేర్లు పెట్టి జోస్యం చెప్పడం గురించి కూడా ఈ మూడు రోజులే మంచి పాఠం. జూన్ 3 క్యాండిల్ మళ్లీ చూడండి. పైన చిన్న బాడీ, అంటే 74 పాయింట్లు. కింద 201 పాయింట్ల పొడవైన వత్తి. పైన వత్తి దాదాపు లేదు. పెరుగుతూ వచ్చిన ధరల చివర ఇలాంటిది కనిపిస్తే పుస్తకాల్లో దానికి 'హ్యాంగింగ్ మ్యాన్' అని పేరు. పడిపోబోతోందనే హెచ్చరికగా చెబుతారు. మర్నాడు పడింది కూడా. 'చూశారా, క్యాండిల్ ముందే చెప్పింది' అనేవారికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. కానీ పడటానికి కారణం ఓట్ల లెక్కింపు. పెట్టెల్లో ఏ పార్టీకి ఎన్ని ఓట్లు ఉన్నాయో సోమవారం క్యాండిల్‌కు ఎలా తెలుస్తుంది? పొద్దున్నే ఎగబడి కొన్న ధర దగ్గర మార్కెట్ నిలబడలేకపోయిందని, రోజులో అమ్మేవారు కూడా గట్టిగానే ఉన్నారని మాత్రం అది చెప్పింది. మా దృష్టిలో క్యాండిల్ నుంచి తీసుకోదగ్గది అంతవరకే.

గీత మాత్రమే మిగిలితే

నిఫ్టీలాంటి పెద్ద సూచీలో క్యాండిళ్లు నిండుగా ఉంటాయి. మన పాఠకులకు ఫోన్‌లో వచ్చే 'టిప్'లు ఎక్కువగా చిన్న కంపెనీలవి. వాటి చార్టు వేరేలా ఉంటుంది. కొన్నిసార్లు బాడీ, వత్తి ఏమీ ఉండవు. ఒక అడ్డగీత మాత్రమే ఉంటుంది. అంటే ఓపెన్, హై, లో, క్లోజ్ నాలుగూ ఒకటే. ఆ రోజు ఒకటో రెండో బేరాలు జరిగి ఉండొచ్చు, లేదా ధర సర్క్యూట్‌కు తగిలి అక్కడే ఆగిపోయి ఉండొచ్చు. సర్క్యూట్ అంటే ఒక రోజులో ధర ఇంతకంటే కదలకూడదని ఎక్స్ఛేంజ్ పెట్టే హద్దు. షేరును బట్టి 2, 5, 10 లేదా 20 శాతం.

రోజూ ఒక మెట్టు పైకి, మెట్లవరసలా అడ్డగీతలు కనిపిస్తే కొత్తవారికి ముచ్చటేస్తుంది. నిజానికి ఆ రోజుల్లో కొనాలన్నా అమ్మేవారు దాదాపు ఉండరు. అసలు ప్రమాదం తిరుగు ప్రయాణంలో ఉంటుంది. రోజూ ఒక మెట్టు కిందికి అడ్డగీతలే వస్తుంటాయి. మీ అమ్మకం ఆర్డర్ వరుసలో ఉంటుంది, కొనేవాడు ఉండడు. ఐదు శాతం చొప్పున పది రోజులు అలా దిగితే 100 రూపాయల షేరు 60 దగ్గరికి వస్తుంది. ఆ పది రోజులూ చార్టులో ధర కనిపిస్తూనే ఉంటుంది, చేతికి మాత్రం రాదు. అందుకే క్యాండిళ్ల కింద కనిపించే నిలువు కడ్డీలను, అంటే ఆ రోజు చేతులు మారిన షేర్ల సంఖ్యను, తప్పకుండా చూడండి. కడ్డీ కనిపించీ కనిపించనట్టు ఉంటే పైన ఉన్న క్యాండిల్ ఎంత అందంగా ఉన్నా దాన్ని నమ్మకండి.

ఇంకొక చిన్న తికమక. 2024 అక్టోబర్ 28న రిలయన్స్ ఒక షేరుకు ఒక షేరు చొప్పున బోనస్ లెక్కకు వచ్చింది. షేర్లు రెట్టింపై ధర దాదాపు సగమైంది. చార్టులు అప్పటి నుంచి పాత క్యాండిళ్లన్నిటినీ కూడా సగం చేసి చూపిస్తాయి. మీరు అంతకుముందు 2,800కి కొని ఉంటే, ఇప్పుడు చార్టులో ఆ రోజు దగ్గర 1,400 అని ఉంటుంది. నష్టమూ కాదు, మోసమూ కాదు. మీ కాంట్రాక్ట్ నోటులో ఉన్న ధర నిజం, చార్టులోది సర్దిన ధర.

బరంపురం పెద్దాయనకు మేము ఫోన్‌లో చెప్పింది ఇదే. క్యాండిల్ మీద వేలు పెట్టి ఆ రోజు నాలుగు అంకెలూ, పక్కనే ముందురోజు C అంకే ఒక కాగితం మీద రాసుకోమన్నాం. ఐదు అంకెలూ రాశాక 412, 388 పక్కపక్కనే పడ్డాయి. 'ఓహో, పొద్దున్నే పోయిందా' అన్నారాయన. తర్వాత కొన్న వంద షేర్ల గురించి అడిగితే, రంగు చూసి కొన్నానని ఒప్పుకున్నారు. పడిన కారణం కంపెనీ ఫలితాలని ఆయనకు అప్పటిదాకా తెలియదు.

ఆయనతోనే 2024 జూన్ మొదటి వారాన్ని 1Wలో పెట్టి చూడమని చెప్పాం. వారం క్యాండిల్‌కు ఓపెన్ సోమవారానిది, క్లోజ్ శుక్రవారానిది. హై, లో వారం మొత్తానివి. ఓపెన్ 23,337, హై 23,338, లో 21,281. శుక్రవారం జూన్ 7న క్లోజ్ 23,290. అంత గందరగోళం జరిగిన వారానికి బాడీ కేవలం 47 పాయింట్లు, దాని కింద 2,009 పాయింట్ల వత్తి. రంగు ఎరుపే. అంతకుముందు శుక్రవారం 22,530తో పోలిస్తే ఆ వారం నిఫ్టీ 759 పాయింట్లు పెరిగింది. పెద్దాయన కాసేపు చూసి, "మరి ఆ మంగళవారం అమ్మేసినవాళ్లు ఎక్కడున్నారండీ ఇందులో?" అని అడిగారు. ఆ వత్తిలో ఉన్నారు అని చెప్పాం.